చదివింపులు పైకి చదవకుండా

తెలుగు పెళ్లిళ్లలో చదివింపులంటే నిజంగా చదివి వినిపించడమే. ఫలానావారు వెయ్యినూటపదహార్లు అని మైకులో పేరుతో సహా ప్రకటించేవారు. ఎవరెంత ఇచ్చారో ఊరంతా వినేది. ఇప్పుడా పని వాట్సాప్ గ్రూపు చేస్తోంది. స్నేహితుడి నలభయ్యో పుట్టినరోజుకి అందరూ కలిసి ఏదైనా ఇద్దామనుకోగానే పేర్ల జాబితా, పక్కన అంకెలు, డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడతాయి. ఐదు వేలు వేసినవారి కింద ఐదువందలు రాయాల్సినవారు ఆ పూట ఫోను పక్కన పెట్టేస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. కాకినాడలో కలిసి ఇంజనీరింగ్ చదివిన తొమ్మిది మంది. వాళ్లలో ఒకడికి వచ్చే నెల నలభై నిండుతాయి. అతనుండేది హైదరాబాద్‌లో. మిగతా ఎనిమిది మందిలో ఇద్దరు అదే ఊళ్లో, మిగిలినవారు బెంగళూరు, పుణె, విశాఖ, డల్లాస్‌లలో ఉన్నారు. ఒకరికి పెద్ద కంపెనీలో మేనేజర్ ఉద్యోగం, మరొకరిది కాంట్రాక్టు లెక్చరర్ జీతం. కాలేజీ రోజుల్లో అతను సైకిల్ మీద తిరిగేవాడు కాబట్టి గేర్ల సైకిల్ ఇద్దామన్నారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ముందు ధర చూసి తర్వాత భాగించడం. ఇరవైనాలుగు వేల సైకిల్, తలా మూడు వేలు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ లెక్చరర్‌కి ఆ మూడు వేలు పిల్లల ఫీజులోంచి తీయాల్సినవి. కాదనలేక ఇస్తారు, లేదా జవాబివ్వరు. అందుకే లెక్క తిరగేయాలి. ముందు ఎవరికెంత వీలో తెలుసుకుని, వచ్చిన మొత్తానికి సరిపోయే వస్తువు ఎంచుకోవాలి.

ఈ పని ఒక్కరే చూసుకోవాలి. బెంగళూరు మిత్రురాలు ఆ బాధ్యత తీసుకుందనుకుందాం. పాత గ్రూపులో కాకుండా ఒక్కొక్కరికీ విడిగా ఇలా రాస్తుంది: “వాడికి సైకిల్ కొందామనుకుంటున్నాం. నీకెంత వీలైతే అంత, పదో తారీఖులోగా నాకొక్కదానికే చెప్పు. ఎవరెంతో ఇంకెవరికీ తెలియదు. ఈసారి కుదరకపోయినా కార్డు మీద నీ పేరుంటుంది.” ఈ చివరి వాక్యం తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే “వీలైనంత” అన్నమాటకి విలువ లేదు.

జవాబులొచ్చాయి. ఒకరు ఐదువందలు, ఒకరు వెయ్యి, ఇద్దరు రెండేసి వేలు, ఇద్దరు మూడేసి, ఇద్దరు ఐదేసి వేలు. మొత్తం 21,500. అయితే మాట వేరు, చేతికొచ్చిన డబ్బు వేరు. మూడు వేలంటానన్న ఒకరింట్లో హాస్పిటల్ ఖర్చు వచ్చిపడింది. చేతికందింది 18,500. మాట నమ్ముకుని ముందే ఆర్డరు పెట్టి ఉంటే ఆ తేడా బెంగళూరు మిత్రురాలి నెత్తిన పడేది. డబ్బు చేరాకే కొన్నారు కాబట్టి 16,500 సైకిల్, 1,500 హెల్మెట్ తీసుకున్నారు. మిగిలిన ఐదువందలు కేకుకి. మిగిలితే ఏం చేస్తారో మొదటే చెప్పేశారు కాబట్టి ఎవరికీ అనుమానం లేదు. బిల్లు ఫొటో అందరికీ పంపింది, జాబితా మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

డల్లాస్ మిత్రుడికి ఇండియాలో ఎన్‌ఆర్‌ఓ ఖాతా ఉంది. అమెరికా సహా పది దేశాల ఫోను నంబర్లతో అలాంటి ఖాతాలకి యూపీఐ వాడుకునే వీలు 2023లో వచ్చింది. అన్ని బ్యాంకుల్లోనూ ఆ సదుపాయం ఉండకపోవచ్చు కాబట్టి విదేశాల్లో ఉన్నవారిని అందరికన్నా ముందు అడగాలి.

సైకిల్ కాకుండా నగదో బంగారు నాణెమో ఇద్దామనుకునేవారికి ఒక జాగ్రత్త. పన్ను చట్టం లెక్కలో స్నేహితులు బంధువులు కారు. అలా అందుకున్న నగదు ఒక ఆర్థిక సంవత్సరంలో యాభై వేలు దాటితే, దాటినంత మీదే కాదు, మొత్తం మీదా పన్ను పడుతుంది. బంగారానికీ అలాంటి నిబంధనే ఉంది. సైకిల్‌కి ఆ బెడద లేదు.

సైకిల్‌కున్న చిక్కల్లా కొలత. మనిషి ఎత్తుని బట్టి ఫ్రేము సైజు మారుతుంది. హైదరాబాద్ మిత్రుడొకరు అతని భార్యని గుట్టుగా అడిగి ఎత్తు కనుక్కుని, కొట్టుకెళ్లి బ్రేకులు, గేర్లు సరిచేయించి తెచ్చారు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టెలో సగం బిగించి వస్తుంది, ఆ పని ఎలాగూ ఎవరో ఒకరు చేయించాలి. అదే ఊళ్లో ఉన్నందుకు ఆయన వెళ్లారు గానీ, తక్కువ ఇచ్చినందుకు కాదు. డబ్బు తక్కువిచ్చినవారికి తిరుగుడు పని అప్పజెప్పడం మళ్లీ పైకి చదవడం లాంటిదే.

కార్డు మీద పేర్లు ఏ వరుసలో రాయాలన్నది చివరి ప్రశ్న. మొత్తాల వరుస ఎలాగూ కుదరదు. కాలేజీ రోల్ నంబర్ల వరుసలో రాశారు. పుట్టినరోజు ఉదయం వీడియో కాల్‌లో అతను కార్డు చేతిలో పట్టుకుని ఒక్కో నంబరూ పిలుస్తుంటే, ఎనిమిది కిటికీల్లోంచీ ఒక్కొక్కరే “ప్రెజెంట్ సార్” అన్నారు.