జి.ఐ. పైపు ముందు ఎక్కడ తుప్పు పడుతుంది?

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఇంత పొడిగాలిలో చూరు కింద పెట్టిన నాగటికర్రు నెలల తరబడి తుప్పు పట్టకుండా ఉంటుంది. కాని బోరుబావిలోంచి పైకి లాగిన పాత జి.ఐ. పైపులను ఎప్పుడైనా చూశారా? పైపు మీద చాలా మేర తెల్లని పొడి మాత్రమే కనిపిస్తుంది. రెండు పైపులు కలిసేచోట, మరలు కోసిన దగ్గర మాత్రం ఎర్రగా తినేసి ఉంటుంది. ఎందుకిలా?

ముందు తుప్పు సంగతి చూద్దాం. శుభ్రంగా గీకిన ఇనుపరేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు వేయండి. గాలి బాగా తగిలేది బొట్టు అంచున. కాని ఇనుము కరిగేది మధ్యలో! అక్కడ ఒక్కొక్క ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి, అయానుగా మారి నీటిలోకి పోతుంది.

Fe → Fe²⁺ + 2e⁻

ఆ ఎలక్ట్రాన్లు నీటిలోంచి పోవు, రేకులోంచే అంచుకు చేరతాయి. అక్కడి ఆక్సిజన్ వాటిని తీసుకుని, నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అయానులవుతుంది. ఇవి ఇనుప అయానులను కలుసుకున్నచోట, మరికొంత ఆక్సిజన్ చేరి, ఎర్రని తుప్పు ఏర్పడుతుంది. అంటే బొట్టు కింద ఒక చిన్న బ్యాటరీ పనిచేస్తోందన్నమాట. నీటిలో అయానులు కదిలితేనే దాని వలయం పూర్తవుతుంది. నాగటికర్రు మీద ఆ నీరే లేదు. బోరునీటిలోనో, లవణాలకు కొదవ లేదు!

ఇక జింకు. దీన్ని కొందరు రంగులాంటి పూత అనుకుంటారు. రంగు గీసుకుపోతే ఆ గీతలో ఇనుము తుప్పు పడుతుంది. జింకు పూత గీసుకుపోయినా సన్నని గీతలో ఇనుము నిలుస్తుంది. ఎందుకంటే ఎలక్ట్రాన్లను వదలడంలో జింకు ఇనుముకన్నా ముందుంటుంది. జింకు కరుగుతూ తన ఎలక్ట్రాన్లను ఇనుములోకి పంపుతుంది. ఆక్సిజన్‌కు కావలసినవి అలా అందుతూ ఉంటే ఇనుము తనవి వదలనక్కరలేదు.

ఇంట్లోనే చూడవచ్చు. రెండు మేకులను గరుకుకాగితంతో మెరిసేలా రుద్దండి. ఒకదానికి జి.ఐ. తీగను బిగించి చుట్టండి. రెండో దానికి, పైపూత గీకేసిన రాగితీగ చుట్టండి. చెంచాడు ఉప్పు కలిపిన నీటిలో, విడివిడి గ్లాసుల్లో ఉంచండి. మూడు నాలుగు రోజుల్లో రాగితీగ ఉన్న గ్లాసు ఎర్రబడుతుంది. జి.ఐ. తీగ ఉన్న గ్లాసులో తెల్లని మడ్డి దిగుతుంది, మేకు బాగానే ఉంటుంది. రాగి ఇనుముకన్నా నిదానం, అందుకే అక్కడ కరగవలసింది ఇనుమే.

ఇప్పుడు మన పైపు దగ్గరికి వద్దాం. కరువులో నీరు లోతుకు దిగితే, బోరులో మరికొన్ని పైపులు కలుపుతారు. పైపును కోసి మరలు వేసినప్పుడు అక్కడి జింకంతా రజనుగా రాలిపోతుంది. ఆ పూత మందం మన వెంట్రుక మందమంత, అంతే. మర చుట్టుపక్కల మిగిలిన జింకు కొంతకాలం తన ఎలక్ట్రాన్లతో మరను కాపాడుతుంది. కాని బోడిగా ఉన్న ఇనుము ఎంత ఎక్కువైతే జింకు అంత త్వరగా ఖర్చవుతుంది. పైగా, మర కోసినచోట గోడ పలచన. జింకు అయిపోయిన తర్వాత చిల్లు పడడానికి అక్కడ ఎక్కువ కాలం పట్టదు.

పైపులు పైకి తీసినప్పుడు మీరే గుర్తుపట్టవచ్చు. మర పక్కన తెల్లని పొడి ఉంటే జింకు ఇంకా పనిచేస్తోంది. అక్కడే ఎరుపు కనిపిస్తే, ఆ జింకు అయిపోయి ఇనుము వంతు మొదలైంది.