ఆఫీసు మాటిచ్చి మార్చితే

లైసెన్సు చేతిలోనే ఉంటుంది, ఎవరూ రద్దు చేయరు. అయినా దాని విలువ సగానికి పడిపోవచ్చు. 1971లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ టాక్సీ యజమానుల భయం అదే.

ఆ ఊళ్లో టాక్సీ లైసెన్సులు 300కు మించకూడదన్న విధానం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. అదే సమయంలో లైసెన్సు అక్కర్లేని ప్రైవేటు అద్దె కార్లు రోడ్ల మీద పెరిగిపోతున్నాయి. ఈ పరిస్థితిలో నగర కార్పొరేషన్ లైసెన్సుల సంఖ్య పెంచాలని చూసింది. యజమానులు ఆందోళన పడ్డారు. అద్దె కార్లను అదుపు చేసే చట్టం అమల్లోకి వచ్చేదాకా 300 దాటబోమని సంబంధిత కమిటీ ఛైర్మన్ ఆగస్టులో బహిరంగంగా హామీ ఇచ్చారు. పురపాలక ప్రధానాధికారి అదే మాట ఉత్తరంలో రాసి పంపారు. కొన్ని నెలలకే, ఆ హామీకి కట్టుబడనక్కర్లేదని న్యాయ సలహా అందడంతో, యజమానులకు చెప్పకుండానే కార్పొరేషన్ సంఖ్య పెంచుతూ తీర్మానం చేసింది.

కోర్టులో కార్పొరేషన్ వాదన తీసిపారేయదగ్గది కాదు. ఎన్ని లైసెన్సులివ్వాలో తేల్చే అధికారం చట్టం తనకిచ్చింది, ఒక ఉత్తరంతో ఆ అధికారానికి సంకెళ్లు వేసుకోలేను అంది. అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగ్ ఆ అధికారాన్ని కాదనలేదు. కానీ ఇచ్చిన మాట తప్పాలంటే ముందు అవతలివాళ్ల గోడు వినాలి, అంతకు మించిన ప్రజాప్రయోజనం ఉందని తేలాలి అన్నారు. యజమానుల వాదన వినకుండా తీర్మానాన్ని అమలు చేయకూడదని 1972లో కోర్టు ఆపింది. 'న్యాయసమ్మతమైన ఆశ' అనే సూత్రానికి తర్వాతి కాలంలో ఈ కేసునే ఉదాహరణగా చూపుతూ వచ్చారు.

యజమానులు గెలిచింది ఏమిటో గమనించండి. 300 అన్న అంకె శాశ్వతమని కోర్టు అనలేదు. విన్న తర్వాత, బలమైన కారణముంటే కార్పొరేషన్ సంఖ్య పెంచవచ్చు. నాకైతే ఈ సూత్రంలో బలమూ బలహీనతా రెండూ ఇక్కడే కనిపిస్తాయి: విధానం మారకుండా ఆపలేదు గానీ, చాటుమాటుగా మారకుండా ఆపుతుంది.

మన సుప్రీంకోర్టూ దాదాపు ఇదే దారి పట్టింది. ఊరికే ఆశపడితే చాలదని, ఇలాంటి ఆశ తనంతట తాను హక్కు అయిపోదని 1993లో హిందుస్థాన్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. 1999లో పంజాబ్ కమ్యూనికేషన్స్ కేసులో మరో అడుగు వేసి, ప్రభుత్వం విధానం మార్చుకున్న తీరు బొత్తిగా అసంబద్ధంగా ఉందా లేదా అన్నది కోర్టు పరిశీలించవచ్చంది.

అందుకే ఇలాంటి కేసులో లాయరు మొదట అడిగేది లైసెన్సు కాగితం కాదు. ఎవరు చెప్పారు, ఆ మాట చెప్పే అధికారం వారికుందా, షరతులేమైనా పెట్టారా, రాతపూర్వకంగా ఉందా అని అడుగుతారు. కౌంటర్ దగ్గర గుమాస్తా "ఏం ఫర్వాలేదు సార్, ఇలాగే నడుస్తుంది" అన్నది సాధారణంగా నిలబడదు. చట్టమే వద్దన్న పనికి పెద్ద అధికారి సంతకంతో హామీ ఇచ్చినా అంతే.