ఏకు మేకైన స్వెటర్

చలి ఊళ్లకు టూరు వెళ్లినప్పుడు కొన్న ఉన్ని స్వెటర్ ఒకటి, పెళ్లికి కుట్టించుకున్న ఉన్ని సూటు ప్యాంటు ఒకటి. తెలియక రెండింటినీ కలిపి వాషింగ్ మెషిన్‌లో వేడి నీళ్లకు పెట్టారనుకుందాం. ప్యాంటు ముడతలు పడి, కాస్త వంకర పోయి బయటికొస్తుంది. స్వెటర్ మాత్రం పదేళ్ల పిల్లాడికి సరిపోయేంతయి, అట్టలా బిగుసుకుపోయి వస్తుంది. ఏకు మేకవడమంటే అక్షరాలా ఇదే!

రెండూ గొర్రె ఉన్నే. తేడా చాలావరకు దారం వడకకముందే పుట్టింది: ఒకదాని ఉన్నిని ఏకారు, రెండోదాన్ని దువ్వారు.

తెలంగాణలో గొంగళ్లు నేసేవాళ్లు ఉన్నిని వింటి నారితో ఏకడం చూసినవాళ్లకు మొదటి పద్ధతి తెలిసిందే. మిల్లులో ఆ పని సన్నని తీగముళ్లున్న రోలర్లు చేస్తాయి. చిక్కులు విడిపోతాయి గానీ వెంట్రుకలు ఒక వరసకు రావు. పొట్టివీ పొడుగువీ కలిసిపోయి, అడ్డదిడ్డంగా, మధ్యలో బోలెడంత గాలితో ఉంటాయి. అలాగే వదులుగా వడికితే వచ్చేది వులెన్ దారం. ఆ గాలే వెచ్చదనం ఇస్తుంది.

రెండో పద్ధతిలో పొడుగాటి వెంట్రుకల ఉన్నిని ఎంచుకుంటారు. దువ్వెన పళ్ల మధ్య లాగితే పొట్టి పీచు వెనక మిగిలిపోతుంది, పొడుగు వెంట్రుకలు పక్కపక్కనే బారులు తీరుతాయి. వాటిని గట్టిగా పురిపెడితే నున్నని, సన్నని, బలమైన వర్‌స్టెడ్ దారం వస్తుంది. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో ఉన్న వర్‌స్టెడ్ అనే ఊరి పేరే దీనికి స్థిరపడింది. సూటు గుడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అల్లికల దుకాణంలో దారపు ఉండ మీద ‘వర్‌స్టెడ్’ అని ఉంటే మాత్రం తొందరపడకూడదు. అక్కడ ఆ మాట తరచూ దారం లావును చెబుతుంది, దువ్విన సంగతి కాదు.

ఇక కుంచించుకుపోవడం. దీనికి మన తలలోనే సాక్ష్యం ఉంది. రాలిన పొడుగాటి వెంట్రుకను బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలువుగా పట్టుకుని, వేళ్లను వెంట్రుక పొడవునా ముందుకూ వెనక్కూ రుద్దితే, అది కుదుళ్ల వైపుకే మెల్లగా జరిగిపోతుంది. వెంట్రుక పైన పెంకుల్లాంటి పొలుసులు, అంచులు కొస వైపు తిరిగి ఉండటమే కారణం. ఒకవైపు జారతాయి, రెండోవైపు పట్టేస్తాయి. గొర్రె ఉన్నిలోనూ ఇదే ఏర్పాటు.

నీళ్లలో ఉన్ని వెంట్రుక ఉబ్బుతుంది. వేడి దాన్ని మెత్తబరిచి సులువుగా వంగేలా చేస్తుంది. సబ్బు జారుడునిస్తుంది. అప్పుడు డ్రమ్ము తిరగడం మొదలైతే, ప్రతి కుదుపుకూ ప్రతి వెంట్రుకా కుదురు వైపు ఒక అడుగు వేస్తుంది. వెనక్కి రావడానికి పొలుసులు ఒప్పుకోవు. దారంలో సగం వెంట్రుకలు ఇటు, సగం అటు తిరిగి ఉంటాయి కాబట్టి ఒకదాంట్లోకి ఒకటి దూరి, గుడ్డను నలువైపులా లోపలికి లాగేస్తాయి. 20 సెంటీమీటర్ల చదరపు ముక్క 14కు దిగితే విస్తీర్ణం సగమే మిగులుతుంది. ఉన్ని ఎక్కడికీ పోలేదు, మందమైంది.

వులెన్ దారంలో వెంట్రుకలకు కదిలే చోటుంది. వర్‌స్టెడ్‌లో పురి బిగించి పట్టుకుంటుంది, సూటు గుడ్డలోని దగ్గర నేత ఇంకాస్త బిగిస్తుంది. అలాగని వర్‌స్టెడ్ అసలు కుంచించుకుపోదని కాదు. దానితో వదులుగా అల్లిన స్వెటర్‌కూ ఈ గతి పట్టవచ్చు.

అందరూ వేడినే తిడతారు గానీ అసలు దోషి కుదుపు. అద్దకంవాళ్లు ఉన్ని దారాన్ని దాదాపు మరిగే నీళ్లలో గంటసేపు ఉంచి కూడా పాడవకుండా తీస్తారు. ఎక్కువ కదపరు, చల్లారడం కూడా మెల్లగానే. మరోపక్క, వేడి నీళ్లు చూడని ఉన్ని మేజోడు మడమ దగ్గర చెమటకూ రాపిడికీ అట్టకట్టేస్తుంది.

స్కాట్లాండ్ దీవుల్లో ఈ గుణాన్నే పనికి వాడుకున్నారు. ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, పాటలు పాడుతూ, తడి వులెన్ గుడ్డను గంటలకొద్దీ బల్లకేసి మోదేవారు. గుడ్డ చిక్కబడి గాలిని ఆపేది. జిడ్డు వదలడానికి పులిసిన మూత్రం పోసేవారట. అందులోని అమ్మోనియా సబ్బు పని చేసేది. పాటలెందుకు కావాల్సొచ్చాయో ఊహించుకోవచ్చు.

మెషిన్‌లో వేసుకోవచ్చని లేబుల్ ఉన్న చాలా ఉన్ని బట్టల్లో పొలుసుల అంచులను క్లోరిన్‌తో అరగదీసి, పైన పలచని రెజిన్ పూత పూస్తారు. లేబుల్ లేని స్వెటర్‌ను చల్లని నీళ్లలో, ఉన్నికి వాడే ద్రావణంతో, పిండకుండా నొక్కి ఉతికి, తువ్వాలులో చుట్టి నీళ్లు పీల్చి, నేల మీద పరిచి ఆరబెట్టాలి.

ఒకవేళ కుంచించుకుపోతే, ముందు అల్లిక కళ్లు చూడాలి. ఒక్కో కన్నూ స్పష్టంగా కనిపిస్తుంటే అది అల్లేటప్పటి సాగు సడలడమే కావచ్చు. తడిపి, కొలతకు లాగి ఆరేస్తే చాలావరకు తిరిగొస్తుంది. కళ్లు పీచులో పూడిపోతే ఇక రాదు. మూలన కత్తెరతో చిన్న కోత పెట్టినా అల్లిక ఊడదు. అప్పుడు దాన్ని నిశ్చింతగా కత్తిరించి, వేడి గిన్నె దించుకునే మసిగుడ్డలుగా కుట్టుకోవచ్చు.