ధన్యవాదాలు రెండు వాక్యాలు, లెక్క రెండు పేజీలు

‘మీ అమూల్య సహకారంతో మా సదస్సు దిగ్విజయంగా ముగిసింది. మీ ఔదార్యానికి సర్వదా కృతజ్ఞులం.’ సదస్సు అయిపోయిన వారానికి వ్యాపార, రైతు సంఘాల నుంచి స్పాన్సర్లకు వెళ్లే ఉత్తరాలు చాలావరకు ఈ రెండు వాక్యాల చుట్టూనే తిరుగుతాయి. కింద అధ్యక్ష, కార్యదర్శుల సంతకాలు. జతగా వేదిక మీద జ్యోతి వెలిగిస్తున్న ఫొటో. కంపెనీ పేరు మారిస్తే చాలు, అదే కాగితం ఇంకొకరికి పనికొస్తుంది.

ఈ ఉత్తరం అందుకున్న కంపెనీ ఉద్యోగికి మాత్రం ఇది ఏమాత్రం పనికిరాదు. ఆయన తన జేబులోంచి డబ్బు ఇవ్వలేదు. బడ్జెట్‌లోంచి అడిగి, పైవాళ్లను ఒప్పించి ఇప్పించాడు. మార్చిలో లెక్కలు చూసే అధికారి ‘ఆ లక్షన్నరతో ఏం జరిగింది?’ అని అడిగితే చూపించడానికి ఆయన దగ్గర జ్యోతి ఫొటో తప్ప ఏమీ ఉండదు. అందుకే సదస్సులు నడిపి చెయ్యి తిరిగిన వాళ్లు కృతజ్ఞతను మొదటి రెండు వాక్యాల్లో ముగించి, మిగతా కాగితమంతా లెక్కకు వదులుతారు. ఆ లెక్క రాయడంలోనే చిక్కులన్నీ ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పశ్చిమగోదావరి జిల్లాలో రొయ్యల రైతుల సంఘం ఒకటి రెండు రోజుల సదస్సు పెట్టిందనుకుందాం. సంఘమూ, ఇక్కడ వచ్చే దాని అంకెలూ వివరణ కోసం ఊహించినవే. నేపథ్యం మాత్రం నిజమైనది. మన దేశంలో వనామి రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చాక డెల్టా చెరువుల రూపమే మారింది. సాగు చుట్టూ హేచరీలు, మేత కంపెనీలు, ఏరియేటర్లు అమ్మేవాళ్లు, ల్యాబులు పెరిగాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంపెడా నడిపే ఆక్వా అక్వేరియా ప్రదర్శన 2015లో విజయవాడలో, 2019లో హైదరాబాద్‌లో జరిగింది. అంత పెద్దవి కాకపోయినా, చిన్న సదస్సులకూ ఈ కంపెనీల డబ్బే ఆధారం.

మన సంఘానికి ఒక మేత కంపెనీ 3 లక్షలు, ఒక బ్యాంకు 2 లక్షలు, ఒక ల్యాబ్ పరికరాల కంపెనీ 1.5 లక్షలు ఇచ్చాయి. ముగ్గురూ ఒకే పనికి ఇవ్వలేదు కాబట్టి ముగ్గురికీ ఒకే ఉత్తరం కుదరదు.

ముందు అందరికీ కావాల్సిన అంకె ఒకటుంది: ఎంతమంది వచ్చారు? పేరు నమోదు చేసుకున్నవాళ్లు 640. మొదటి రోజు సంతకం పెట్టి లోపలికి వచ్చినవాళ్లు 412. రెండో రోజు 287. ‘సుమారు 700 మంది పాల్గొన్నారు’ అని రాయాలని చెయ్యి లాగుతుంది, ఎందుకంటే రెండు రోజులు కలిపితే 699. కానీ వాళ్లలో 244 మంది రెండు రోజులూ వచ్చినవాళ్లే. కాబట్టి అసలు మనుషులు 455. ఉత్తరంలో ఉండాల్సింది ఈ అంకె. కంపెనీవాళ్లు దీన్ని తేలిగ్గా పట్టుకోగలరు కూడా. వాళ్ల మనిషి రెండు రోజులూ స్టాల్‌లో కూర్చున్నాడు, భోజనాల వరస చూశాడు, ఎన్ని బిర్యానీ ప్లేట్లు లేచాయో వంటవాళ్లను అడగగలడు. భోజనాల బిల్లుకీ హాజరు అంకెకీ పొంతన లేకపోతే ఉత్తరంలోని మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి.

ఇక ల్యాబ్ పరికరాల కంపెనీ సంగతి. వాళ్ల 1.5 లక్షలు సీడ్ నమూనాలకు ఉచితంగా పీసీఆర్ పరీక్షలు చేయించడానికి. పరీక్షకు 1,250 రూపాయల చొప్పున 120 పరీక్షలు. ఈ పరీక్ష విలువ తెలియాలంటే ఈహెచ్‌పీ గురించి ఒక మాట చెప్పుకోవాలి. వైట్‌స్పాట్ వస్తే కొద్ది రోజుల్లోనే చెరువు మొత్తం పోతుంది, రైతుకు వెంటనే తెలుస్తుంది. ఈహెచ్‌పీ అలా కాదు. అది సూక్ష్మ పరాన్నజీవి, రొయ్య జీర్ణగ్రంథిలో చేరి ఎదుగుదలను తొక్కేస్తుంది. రొయ్యలు బతికే ఉంటాయి, మేత తింటూనే ఉంటాయి, కౌంట్ మాత్రం రాదు. నమ్మకమైన మందు లేదు. కాబట్టి సీడ్ చెరువులో వదలకముందే పరీక్ష చేయించుకోవడం రైతు చేతిలో ఉన్న ముఖ్యమైన జాగ్రత్త.

సంఘం ఆ కంపెనీకి రాసిన ఉత్తరంలో అసలు భాగం ఇలా ఉంటే బాగుంటుంది:

‘గౌరవనీయులైన మేనేజర్ గారికి,

మా సదస్సులో సీడ్ పరీక్షలకు మీరిచ్చిన 1,50,000 రూపాయలకు కృతజ్ఞతలు. దానితో జరిగినది ఇది. 120 నమూనాలకు ఏర్పాటు చేశాం. రైతులు 96 తెచ్చారు. ఒక్కో రైతు ఒక్కో నమూనా. 11 నమూనాల్లో ఈహెచ్‌పీ కనిపించింది. ఫలితాన్ని మర్నాడు ఉదయానికి రైతుకే నేరుగా చెప్పాం. పది రోజుల తర్వాత ఆ 11 మందికీ ఫోన్ చేశాం. 9 మంది ఆ సీడ్ తీసుకోలేదు. ఇద్దరు ఫలితం రాకముందే చెరువులో వదిలేశారు. ఖర్చయింది 1,20,000. మిగిలిన 30,000 సంఘం ఖాతాలో విడిగా ఉంచాం. ఈ సొమ్మును వచ్చే పంటకు ముందు మరో 24 పరీక్షలకు వాడమంటారా, తిప్పి పంపమంటారా తెలియజేయగలరు.’

ఇందులో రాయకుండా వదిలేసిన వాక్యం ఒకటుంది. ‘మీ సాయంతో 9 మంది రైతుల పంట దక్కింది’ అన్నది ఆ వాక్యం. వినసొంపుగానే ఉంటుంది, కానీ అది ఎవరికీ తెలియని సంగతి. ఆ తొమ్మిది మంది తర్వాత ఇంకో హేచరీ నుంచి తెచ్చిన సీడ్ ఎలా ఉందో తెలియదు. చెరువు మట్టిలోనే పాత పంట నుంచి మిగిలిన ఈహెచ్‌పీ ఉంటే మంచి సీడ్ వేసినా అంటుకోవచ్చు. అంతకంటే ఇబ్బందికరమైన ప్రశ్న: వాళ్లు వద్దన్న ఆ సీడ్ ఎక్కడికి పోయింది? హేచరీ దాన్ని పారబోసిందా, పరీక్ష చేయించుకోని పక్క మండలం రైతుకు అమ్మిందా? రెండోదే జరిగితే జిల్లా మొత్తంలో నష్టం తగ్గలేదు, చెరువు మారింది. అందుకే ‘9 మంది ఆ సీడ్ తీసుకోలేదు’ అన్నచోట కలం ఆపాలి. సంఘం కళ్లతో చూసింది అంతవరకే.

మిగిలిన 85 మంది విషయంలోనూ ఇదే జాగ్రత్త. పరీక్షలో బాగుందని తేలిన సీడ్ వేసినవాళ్ల దిగుబడి ఊరి సగటు కంటే మెరుగ్గా వచ్చిందనుకుందాం. అది పరీక్ష ఘనతేనా? సీడ్ నమూనాను ఆల్కహాల్ సీసాలో పెట్టుకుని సదస్సుకు మోసుకొచ్చే రైతు, నీటి పరీక్షలూ చేయించే రైతే అయి ఉంటాడు. చెక్‌ట్రేలో మేత చూసుకునేవాడే అయి ఉంటాడు. అసలే జాగ్రత్తపరుడు కాబట్టి పరీక్షకు వచ్చాడు, పరీక్షకు రావడం వల్ల జాగ్రత్తపరుడు కాలేదు. స్పాన్సర్లకు వెళ్లే నివేదికల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదేనేమో. అందులో అబద్ధం ఉండకపోవచ్చు, కారణం మాత్రం తలకిందులవుతుంది.

మేత కంపెనీకి రాసే ఉత్తరంలో కష్టం వేరు. వాళ్లకు రెండు రోజుల స్టాల్, వేదిక మీద 20 నిమిషాల ప్రసంగం ఇస్తామని ఒప్పుకున్నారు. మధ్యాహ్నం కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోగా ఆ ప్రసంగం 9 నిమిషాలకు కుదించుకుపోయింది. ఉత్తరంలో ఈ ముక్క లేకపోతే కంపెనీ మర్చిపోతుందా? ప్రసంగం చేసినాయనే వాళ్ల మనిషి. ఒప్పుకున్నది ఒక వరసలో, జరిగింది పక్క వరసలో పెట్టి, తగ్గినచోట ‘వచ్చే నెల సంఘం సమావేశంలో పూర్తి సమయం ఇస్తాం’ అని తేదీతో రాస్తే వివాదం అక్కడే తీరిపోతుంది. ఈ రెండు వరసల పట్టిక లేని ఉత్తరాన్ని, అందులో ఎన్ని విశేషణాలున్నా, అనుభవమున్న స్పాన్సర్ సగం ఉత్తరంగానే చూస్తాడు.

బ్యాంకు అడిగేది మూడో రకం: ‘వచ్చిన రైతుల ఫోన్ నంబర్లు పంపండి.’ పంట రుణాలు ఇచ్చేవాళ్లకు ఆ జాబితా బంగారమే. కానీ రైతు తన నంబరు సదస్సు కోసం ఇచ్చాడు, బ్యాంకు ఫోన్ల కోసం కాదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో వచ్చిన చట్టం కూడా ఇలాంటి సమాచారాన్ని వాడుకోవడానికి మనిషి సమ్మతినే మూలంగా తీసుకుంటుంది. నమోదు కాగితంలో ‘బ్యాంకు నన్ను సంప్రదించవచ్చు’ అన్న గడి ఒకటి పెట్టి, దాంట్లో టిక్కు పెట్టినవాళ్ల వివరాలు మాత్రమే ఇవ్వడం సరైన దారి. అలా 138 మంది ఒప్పుకున్నారంటే ఉత్తరంలో 138 అనే రాయాలి. అడిగి ఒప్పుకున్న 138 మంది, అడగని 455 మంది కంటే బ్యాంకుకీ ఎక్కువ విలువ.

డబ్బుకు పెట్టే పేరు దగ్గర మరో గొయ్యి ఉంది. ఈ ఉత్తరాల్లో ‘మీ విరాళం’, ‘మీ సామాజిక బాధ్యత’ అన్న మాటలు అలవాటుగా దొర్లుతుంటాయి. బ్యానర్ మీద కంపెనీ లోగో వేసి, స్టాల్ ఇచ్చి, ప్రసంగం పెట్టించాక అది విరాళం కాదు, ప్రచారం కొనుక్కున్న సొమ్ము. కంపెనీల సామాజిక బాధ్యత నిబంధనలు 2014లో వచ్చాయి. 2021 జనవరి సవరణ తర్వాత వాటిలో స్పష్టంగా ఉంది: తమ సరుకుకో సేవకో మార్కెటింగ్ లాభం కోసం స్పాన్సర్‌షిప్ పద్ధతిలో ఇచ్చే సొమ్ము సీఎస్‌ఆర్ ఖర్చు కిందికి రాదు. సంఘం మర్యాద కోసం రాసిన మాటను కంపెనీ ఆడిటర్ మర్యాదగా చదవడు. సీఎస్‌ఆర్ ఖాతా నుంచే డబ్బు తెచ్చుకోవాలంటే అది వేరే ఒప్పందం, వేరే పని, వేరే నివేదిక.

ఇక ఎప్పుడు పంపాలి? మొదటి ఉత్తరం రెండు వారాల్లోపు వెళ్లాలి. పరీక్ష ఫలితాలు విన్న రైతులకు పదో రోజున ఫోన్ చేసి, సమాధానాలు రాసుకునే వ్యవధి అందులో ఉంటుంది. కానీ రొయ్యల సదస్సు అసలు ఫలితం రెండు వారాల్లో తేలేది కాదు. సీడ్ వదిలిన దగ్గర్నుంచి పట్టుబడికి దాదాపు మూడున్నర, నాలుగు నెలలు. అందుకని మొదటి ఉత్తరం చివర్లోనే ‘ఈ పంట పట్టుబడి అయ్యాక ఇంకో పేజీ పంపుతాం’ అని చెప్పడం, చెప్పినట్టు పంపడం మంచిది. మన సంఘం ల్యాబ్ కంపెనీకి పంపే ఆ రెండో పేజీలో ఉండదగ్గవి నాలుగైదు వాక్యాలే. సీడ్ వద్దన్న 9 మందిలో ఆరుగురు వేరే సీడ్ పరీక్ష చేయించుకుని వేశారు, ముగ్గురు ఆ పంటకు చెరువు ఎండబెట్టుకున్నారు. ముందే వదిలేసిన ఇద్దరిలో ఒకరు ఎదుగుదల లేక తొందరగా చిన్న కౌంట్‌కే పట్టేశారు, రెండో ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆ 30,000తో చేయించిన 24 పరీక్షలకు ఈసారి నమూనాలను రైతుల నుంచి కాకుండా హేచరీల ట్యాంకుల దగ్గరే తీశారు, ఎన్ని హేచరీలు గేటు తెరిచాయో, ఎన్ని తెరవలేదో కూడా ఆ పేజీలోనే ఉంది.