ఫొటోషాప్ లేదా? పాత ల్యాప్‌టాప్‌లోనే పోస్టర్ మీద పేరు మార్చేయొచ్చు.. కానీ ఒత్తులు చూసుకోండి!

2016 అక్టోబర్ 11న కరీంనగర్ నుంచి విడిపోయి పెద్దపల్లి కొత్త జిల్లా అయింది. కానీ అంతకుముందు డిజైన్ చేసిన పోస్టర్ ఫైళ్లలో ఇప్పటికీ 'కరీంనగర్ జిల్లా' అనే ఉంటుంది. ఉదాహరణకు ఓదెల మల్లన్న జాతరకు 2015లో చేసిన ఒక PSD ఫైల్ ఉందనుకుందాం. అందులో జిల్లా పేరు, తేదీ మార్చాలి. ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్. ఫొటోషాప్ లేదు. అయినా పని అవుతుంది.

బ్రౌజర్‌లో photopea.com తెరిస్తే చాలు. ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు, యాడ్స్ ఉంటాయి గానీ వాడకం ఉచితం. మీ ఫైల్ ఎక్కడికీ అప్‌లోడ్ కాదు. పనంతా మీ ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంది. అందుకే దాని ర్యామ్ ఎంత అన్నది ముఖ్యం.

ల్యాప్‌టాప్ ఎందుకు ఆగిపోతుంది?

6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన చేస్తే 5184 x 3456 సైజు వస్తుంది. పోస్టర్ మొత్తాన్ని కప్పే ఒక్కో లేయర్ మెమరీలో దాదాపు 70 ఎంబీ తింటుంది. అలాంటివి 20 ఉంటే 1.4 జీబీ దాటిపోయినట్టే. కాబట్టి ముందు ఫైల్‌కు ఒక కాపీ తీసుకోండి. మిగతా ట్యాబ్‌లన్నీ మూసేయండి. కాపీని తెరిచాక, వాడని లేయర్లు ఉంటే డిలీట్ చేసేయండి. ఒరిజినల్ మాత్రం ముట్టుకోవద్దు.

పేరు మార్చేది ఇలా

File మెనూలో Open నొక్కి PSD కాపీని తెరవండి. కుడివైపు Layers లో 'T' గుర్తు ఉన్నవే అక్షరాల లేయర్లు. వాటిలో జిల్లా పేరున్న దాన్ని ఎంచుకుని Ctrl+J కొడితే ఇంకో కాపీ వస్తుంది. పాతదాని పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాచేయండి. కొత్తది తేడా కొడితే పాతదాన్ని చూసి సరిచేసుకోవచ్చు.

ఇప్పుడు కీబోర్డ్‌పై T నొక్కి, సరిగ్గా అక్షరాల మీదే క్లిక్ చేయండి. పక్కన ఖాళీలో పడితే కొత్త లేయర్ పుట్టుకొస్తుంది. అలా అయితే Ctrl+Z కొట్టి మళ్లీ ప్రయత్నించాలి. తర్వాత Ctrl+A తో మొత్తం సెలెక్ట్ చేసి కొత్త పేరు టైప్ చేయండి. ఫోన్‌లో టైప్ చేసి పంపుకుని, కాపీ పేస్ట్ చేసినా సరే.

అసలు చిక్కు ఫాంట్‌తోనే

మన దగ్గర పాత ఫైళ్లు చాలావరకు అను ఫాంట్లలో చేసినవే. అవి యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లు అవి. ఆ ఫాంట్ లేని చోట ఫైల్ తెరిచి క్లిక్ చేస్తే అక్షరాలు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఫైల్ పాడైందని కంగారు పడొద్దు. ఆ లైన్‌కు యూనికోడ్ ఫాంట్ పెట్టి మళ్లీ టైప్ చేయడమే తేలికైన దారి.

గూగుల్ ఫాంట్స్‌లో Mallanna, Ramabhadra లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసిన TTF ఫైల్‌ను పట్టుకొచ్చి ఫొటోపీ పేజీ మీద వదిలితే ఫాంట్ల జాబితాలో చేరుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో తేల్చడానికి 'పెద్దపల్లి' అన్న మాటే మంచి పరీక్ష. జూమ్ చేసి చూడండి. 'ద' కింద ద ఒత్తు, 'ల్లి'లో ల ఒత్తు వాటి చోట్లో ఉంటే ఓకే. 'పెద్‌దపల్‌లి' అని విడివిడిగా వచ్చినా, డబ్బాలు కనిపించినా ఫాంట్ మార్చాల్సిందే. స్క్రీన్ మీద వదిలేస్తే అదే ఫ్లెక్సీ మీద అడుగెత్తున కనిపిస్తుంది. మళ్లీ ప్రింట్ వేయించే ఖర్చు మీదే.

T గుర్తు లేకపోతే?

వాట్సాప్‌లో వచ్చిన JPG అయితే అక్షరాలు బొమ్మలో కలిసిపోయి ఉంటాయి, టైప్ చేసి మార్చలేం. వెనక ఒకే రంగు ఉంటే ఐడ్రాపర్‌తో ఆ రంగు తీసుకుని, పాత పేరు మీద అదే రంగు డబ్బా పెట్టి, దానిపై కొత్త పేరు రాయొచ్చు. వెనక దేవుడి ఫొటోనో, రంగుల షేడో ఉంటే మాత్రం అతుకు తెలిసిపోతుంది. అప్పుడు డిజైనర్‌ను PSD అడగడమే మేలు.

పని మధ్యలో ట్యాబ్ క్రాష్ అయితే చేసినదంతా పోతుంది. అందుకే ఒక్కో లైన్ మార్చగానే File లో Save as PSD కొట్టండి. అంతా అయ్యాక Export as లో JPG తీసి, ప్రింట్‌కు పంపే ముందు ఫోన్‌లో తెరిచి జిల్లా పేరు, తేదీ ఇంకొకరితో చదివించండి.