పత్తి రైతుది, పన్ను లెక్క మిల్లుది

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో రైతు నుంచి జిన్నింగ్ మిల్లు పత్తి కొంటుంది. పత్తిపై 5 శాతం జీఎస్టీ ఉంది. మామూలు వ్యాపారంలో అయితే అమ్మినవాడే బిల్లులో పన్ను కలిపి వసూలు చేసి, ప్రభుత్వానికి కడతాడు. ఇక్కడ మాత్రం రైతుకు ఆ బాధ్యత లేదు. కొన్న మిల్లే పన్ను లెక్కగట్టి జమ చేయాలి. దీన్నే రివర్స్ చార్జ్ అంటారు. పత్తికి ఇది 2017 నవంబర్ 15 నుంచి అమల్లో ఉంది.

తాను సాగు చేసిన పంట అమ్ముకునే రైతుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి అతను పన్ను బిల్లు ఇవ్వలేడు. అతని తరఫున మిల్లే తన పేరిట ఒక బిల్లు రాసుకుంటుంది.

ఒక మిల్లు క్వింటాల్ 7,500 రూపాయల చొప్పున 100 క్వింటాళ్లు కొన్నదనుకుందాం. విలువ 7,50,000, పన్ను 37,500. రైతు ధరలోంచి ఇది కోయడానికి లేదు. పాత క్రెడిట్‌తో సర్దుబాటు చేయడమూ కుదరదు, నగదుగానే కట్టాలి. కట్టాక ఆ 37,500 మిల్లుకు క్రెడిట్‌గా దక్కుతుంది. తర్వాత దూది, గింజలు 8,00,000కు అమ్మితే వాటిపై పన్ను 40,000. క్రెడిట్ పోను చెల్లించేది 2,500.

అంటే ప్రభుత్వానికి చేరేది మొత్తం 40,000. రివర్స్ చార్జ్ లేకపోయినా, సరుకు అమ్మినప్పుడు మిల్లు ఆ 40,000 కట్టేదే. మరి ఈ తిప్పలెందుకు? కొన్న సరుకు లెక్కకు ఎక్కడం కోసం. 100 క్వింటాళ్ల పత్తి ఆడిస్తే సుమారు మూడో వంతు దూది వస్తుంది. కొనుగోలు నమోదైతే, దూది అమ్మకాలు మరీ తక్కువగా చూపిన మిల్లును అధికారులు ఇట్టే పట్టుకోగలరు. వేలమంది రైతుల వెంట తిరగడం కంటే కొద్దిపాటి మిల్లుల పుస్తకాలు చూడటం తేలిక కూడా. మిల్లులకు ఇబ్బంది ఒక్కటే: ధర కోసం సరుకు గోదాములో ఆపితే, అమ్మేదాకా ఆ పన్ను సొమ్ము ఇరుక్కుపోతుంది.

తప్పులు ఎక్కువగా దొర్లేది మధ్యవర్తి దగ్గర. అడ్తిదారు రైతు తరఫున కమీషన్‌కు అమ్మిపెడితే అమ్మకందారు రైతే, పన్ను కట్టాల్సింది మిల్లే. అదే రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి సొంతంగా రైతుల దగ్గర కొని మిల్లుకు అమ్మితే, రివర్స్ చార్జ్ వ్యాపారి కొనుగోలుతోనే ముగుస్తుంది. ఆ తర్వాత అతను మామూలుగా బిల్లులో పన్ను వేయాలి. వ్యాపారి సరుకును రైతు సరుకుగా రాసుకుంటే తనిఖీలో చిక్కు తప్పదు. అందుకే తక్‌పట్టీలో అమ్మినవారి పేరు ఎవరిదో, డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లిందో మిల్లు గుమస్తా ముందే సరిచూసుకోవాలి. కట్టడం ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ కూడా మిల్లు మీదే పడుతుంది.