తొమ్మిది నెలల బాబు నిద్ర: ఒక తల్లి చీటీ

మైలవరంలో ఒక తల్లి పిల్లల డాక్టరు కోసం రాసుకున్న చీటీ ఇలా మొదలవుతుంది: "డాక్టరు గారూ, బాబుకి తొమ్మిది నెలలు నిండాయి. రాత్రి నాలుగుసార్లు లేచి ఏడుస్తున్నాడు. వారం రోజుల టైములు రాశాను, చూడండి."

సోమవారం పొద్దున 6:30కి లేచాడు. పొద్దున గంటంబావు, మధ్యాహ్నం గంటన్నర, సాయంత్రం ఆరు కావస్తుండగా ఇంకో ముప్పావుగంట పడుకున్నాడు. రాత్రి మాత్రం 9:45 దాకా కన్ను మూయలేదు. మధ్యలో మెలకువగా ఉన్న గంట తీసేస్తే మొత్తం పదకొండుంబావు గంటలు. ఈ వయసుకి పగటి నిద్రతో కలిపి 12 నుంచి 16 గంటలు కావాలి. బుధవారం బెజవాడలో పెళ్లి హడావిడి, సాయంత్రం కునుకు పడలేదు. ఆ రాత్రి ఎనిమిదింటికే పడుకున్నాడు, మొత్తం పన్నెండుంబావు గంటలయింది. ఆదివారమూ అంతే. "సాయంత్రం నిద్ర మాన్పించవచ్చా?" అని ఆమె అడిగింది. జవాబు ఆమె లెక్కలోనే ఉంది: ఆ కునుకు ముప్పావుగంట ఇచ్చి, రాత్రి నుంచి గంటా ముప్పావు లాగేసుకుంటోంది.

రెండో ప్రశ్న: "లేచేది ఆకలికా, అలవాటుకా?" ఈ వయసు పిల్లలు దాదాపు గంటకోసారి గాఢనిద్ర నుంచి పైకి తేలతారు. బాబు చీర ఉయ్యాలలో ఊగుతూ నిద్రపోతాడు, తర్వాత దోమతెరలోకి మారుస్తారు. కాస్త మెలకువ రాగానే ఊపు ఉండదు, అమ్మ ఉండదు. అమ్మ కనబడకపోతే బెంగపడే వయసే ఇది. తెల్లవారుజామున మాత్రం గుటకలు వేస్తూ బాగా తాగుతాడనీ, మిగతా మూడుసార్లూ రెండు గుక్కలకే మళ్లీ నిద్రపోతాడనీ ఆమె రాసింది. ఆ మూడూ ఆకలివి కావనుకోవచ్చు, అయితే బరువు సరిగ్గా పెరుగుతోందో లేదో కార్డులో చూశాకే ఆ మాట అనాలి. మత్తుగా ఉన్నా కళ్లు తెరిచి ఉండగానే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి జోకొడితే, కొన్నాళ్లకి పక్క మీదే నిద్రపోవడం అలవాటవుతుంది. పైగా చీర ఉయ్యాలలో పిల్లవాడి మెడకి బట్ట చుట్టుకునే ప్రమాదం ఉంది. పట్టుకుని లేచి నిలబడే ఈ వయసులో అది మరీ ఎక్కువ.

గురు, శుక్రవారాల్లో ఒళ్లు వెచ్చగా ఉంది, రాత్రి ఆరేసిసార్లు లేచాడు. అంతకుముందు వారం బుధవారం తట్టు, రుబెల్లా టీకా వేయించారు. ఆ టీకా జ్వరం మర్నాడే రాదు. సాధారణంగా వారం దాటాక వచ్చి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కాబట్టి ఆ రెండు రాత్రులూ లెక్కలో కలపకూడదు. జ్వరం తగ్గకపోయినా, పాలు తాగకపోయినా, ఆయాసపడినా, ఫిట్స్ వచ్చినా టీకా వల్లేలే అని ఊరుకోకుండా వెంటనే చూపించాలి.

చివర్లో, "పక్కింటివాళ్లు జలుబు సిరప్ రెండు చుక్కలు వేస్తే పడుకుంటాడంటున్నారు, వేయవచ్చా?" అంది. వద్దు. మత్తు కలిగించే ఆ మందులు ఇంత చిన్న పిల్లల ఊపిరిని మందగింపజేయగలవు. చీటీలో లేనిది, డాక్టరు తప్పక అడిగేది ఒకటుంది: నిద్రలో గురక పెడుతున్నాడా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నాడా?